మధ్యవాడికి "సరే" అనడం తేలిక చేయండి
(ఒంగోలులో చిన్న గ్రానైట్ యూనిట్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చీమకుర్తి నుంచి, మార్టూరు నుంచి పని ఆపుకుని వచ్చారు. మీ టైమ్ వృథా చేయను. నేను బెంగళూరులో బిల్డింగ్ కంపెనీల్లో పర్చేజ్ సీట్లో చాలా ఏళ్ళు కూర్చున్నాను. మీరు ఎవరినైతే కలవాలని తిరుగుతుంటారో, ఆ సీటన్నమాట. కాబట్టి ఒక పరిచయం ఎందుకు ముందుకు పోతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది అవతలి వైపు నుంచి చూశాను. ఈరోజు ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

మన యూనిట్లలో సరుకు బాగుంటుంది. గెలాక్సీ రాయి గురించి కొనేవాడికి కొత్తగా చెప్పాల్సింది కూడా ఏమీ లేదు. కష్టమంతా కొనేవాడి దాకా చేరడంలోనే ఉంది. తెలియని నంబర్ నుంచి రోజుకు పది మంది స్లాబుల ఫోటోలు పంపిస్తే ఎవరూ తెరిచి చూడరు. అదే తనకు తెలిసిన మనిషి "ఇది ఒకసారి చూడండి సార్" అంటే చూస్తారు. అందుకే మనమంతా మధ్యలో తెలిసినవాళ్ళను వెతుక్కుంటాం. వెతుక్కున్నాక వాళ్ళను అడిగే పద్ధతి దగ్గరే పని చెడుతోంది.

ముందు ఎవరిని అడగాలన్నది చూద్దాం. మనకు మొదట గుర్తొచ్చేది బావ, బాబాయ్, రోజూ టీ తాగే స్నేహితుడు. కానీ వాళ్ళకు తెలిసినవాళ్ళు చాలావరకు మనకూ తెలిసినవాళ్ళే. మార్క్ గ్రానవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దీని మీద 1973లో ఒక వ్యాసం రాశారు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు? వారానికి రెండుసార్లయినా కలిసేవాళ్ళమని చెప్పింది 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళమన్నది 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో అన్నది 27.8 శాతం. అడిగింది కొద్దిమందినే, అదీ ఉద్యోగాల గురించి. అయినా కారణం మనకూ వర్తిస్తుంది. అప్పుడప్పుడూ కలిసే మనిషి వేరే ఊళ్ళో, వేరే పనిలో, వేరే మనుషుల మధ్య ఉంటాడు. మనకు అందని కబురు అతని దగ్గర ఉంటుంది.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. రోజూ కలిసే బావ మన కోసం ఎంతైనా చేస్తాడు, కానీ అతనికి ఆ కంపెనీలో ఎవరూ తెలియదు. సంక్రాంతికి కలిసే మనిషికి తెలుసు, కానీ అతనికి మన మీద అంత బాధ్యత లేదు. అందుకే అడిగే పని మనం చాలా శ్రద్ధగా చేయాలి.

ఒక కేసు తీసుకుందాం. చీమకుర్తిలో ఒక తమ్ముడికి చిన్న కటింగ్, పాలిషింగ్ యూనిట్ ఉంది. కట్టర్ సైజు స్లాబులు చేస్తాడు. పెద్ద గ్యాంగ్‌సా స్లాబులు అతని దగ్గర లేవు. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీ ఉంది. దాని పర్చేజ్ మేనేజర్‌ను కలవాలి. పొదిలి వైపు మనిషి ఒకాయన బెంగళూరులో రాయి పరిచే కాంట్రాక్టరు. ఆ కంపెనీకి రెండు ప్రాజెక్టుల్లో మెట్లు, వంటగట్లు చేశాడు. పండక్కి ఊరికొచ్చినప్పుడు మన తమ్ముడికి ఒక పెళ్ళిలో కలిశాడు. పాత పరిచయమే, కానీ గట్టి స్నేహమేమీ కాదు.

మన తమ్ముడు ఇలా మెసేజ్ పెట్టాడు: "అన్నా, బాగున్నారా? ఆ పర్చేజ్ మేనేజర్ నంబర్ పంపించన్నా, నేను మాట్లాడుకుంటా. మీ పేరు చెప్తాలే."

కాంట్రాక్టరు చూశాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. తమ్ముడికి కోపం. "మనూరోడే, ఒక్క నంబర్ ఇవ్వడానికి ఏం పోయింది?" అని.

పోయేది చాలానే ఉంది. ఆ కాంట్రాక్టరు వైపు నుంచి చూడండి. అతని బిల్లు ఒకటి అదే మేనేజర్ టేబుల్ మీద ఉండొచ్చు. మేనేజర్ను అడగకుండా ఆయన నంబర్ ఇస్తే ఆయనకు కోపం రావచ్చు. రేపు ఈ తమ్ముడు పంపిన సరుకులో చుక్క తేడా వచ్చిందనుకోండి. సగం స్లాబుల్లో బంగారు చుక్క దట్టంగా, సగంలో పలచగా ఉంటే, ఆ మాట కాంట్రాక్టరే పడాలి. పైగా తమ్ముడి సరుకు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. మేనేజర్‌కు ఫోన్ చేసి ఏమని చెప్పాలి? "మా వైపు అబ్బాయి, రాయి వ్యాపారం" అంటే ఆయన "అయితే ఏంటి?" అంటాడు. ఇవన్నీ ఆలోచించుకుని, నేరుగా కాదనడానికి మొహమాటపడి, అతను ఫోన్ పక్కన పెట్టేశాడు.

మనం అడిగేది నంబర్ అనుకుంటాం. అతను ఇవ్వాల్సింది తన మాట. కాబట్టి ఆ మాట ఇవ్వడంలో అతనికి ఎదురయ్యే ప్రతి ఇబ్బందినీ ముందే తీసేయాలి. తీసేయడానికి రెండు మెసేజ్‌లు కావాలి. ఒకటి అతను చదువుకోవడానికి, రెండోది అతను ముందుకు పంపడానికి. రెండూ కలిపి ఒకటే పెడితే, అందులోంచి ఏది ఉంచాలో ఏది తీసేయాలో అతనే కూర్చుని సరిచేసుకోవాలి. పనిలో ఉన్న మనిషి అది చేయడు.

మొదటి మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"అన్నా, నమస్తే. చీమకుర్తి పాలిషింగ్ యూనిట్ నుంచి. సంక్రాంతికి పెళ్ళిలో కలిశాం. మీరు మెట్ల పని చేసిన బెంగళూరు కంపెనీలో పర్చేజ్ చూసే సార్‌కు మా శాంపిల్ రెండు ముక్కలు చూపించాలని ఉంది. ఈ మాట ఆయనతో అనేంత చనువు మీకు ఉందో లేదో నాకు తెలియదు. మీ బిల్లులు ఏమన్నా నడుస్తున్నా, ఇప్పుడు సమయం కాదనిపించినా, వద్దు అని ఒక్క మాట పెట్టండి చాలు, కారణం చెప్పక్కర్లేదు. సరే అనిపిస్తే కింద ఇంకో మెసేజ్ పెట్టాను. దాన్ని అలాగే ఆయనకు ఫార్వర్డ్ చేసి, చూస్తారా అని అడగండి. ఆయన సరే అన్నాకే నేను మాట్లాడతాను."

ఇందులో ఏం జరిగిందో చూడండి. తనెవరో, ఎక్కడ కలిశామో మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చింది. పండగ రోజుల్లో వంద మందిని కలిసిన మనిషికి మీరు గుర్తుండాలని లేదు. తర్వాత, అడిగింది ఒక్కటే పని, అదీ చాలా చిన్నది. ఆ తర్వాత "వద్దు" అనడానికి దారి. ఈ వాక్యం రాయడానికి చాలామందికి భయం. దారి చూపిస్తే ఆ దారిలోనే పోతాడేమో అని. నేను చూసినంతలో, కాదనాలనుకున్నవాడు దారి ఉన్నా లేకున్నా కాదనే అంటాడు. దారి లేకపోతే నోటితో చెప్పకుండా జవాబివ్వడం మానేస్తాడు, అంతే. దారి ఉంటే మీకు త్వరగా తెలుస్తుంది, ఇంకొకరిని అడుక్కోవచ్చు. పైగా ఆ కాంట్రాక్టరుతో మీ సంబంధం చెడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి వాక్యం, ఆయన సరే అన్నాకే అన్నది. ఇద్దరూ ఒప్పుకున్నాకే పరిచయం జరగాలి. మేనేజర్‌గా నాకు బాగా చిరాకు తెప్పించింది ఏమిటంటే, నన్ను అడగకుండా ముగ్గురితో ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టి "సార్, వీళ్ళు మావాళ్ళు, మీరు మాట్లాడుకోండి" అనడం. కాదనలేను, అవుననలేను. ఆ గ్రూప్ పెట్టినవాళ్ళ ఫోన్ వచ్చినా తర్వాత ఎత్తాలనిపించేది కాదు.

ఇప్పుడు రెండోది, ముందుకు పోయే మెసేజ్. దీన్ని కాంట్రాక్టరుకు రాస్తున్నట్టే రాయాలి, కానీ చదివేది మేనేజర్ అని గుర్తుపెట్టుకోవాలి.

"అన్నా, మాకు చీమకుర్తిలో గెలాక్సీ పాలిషింగ్ యూనిట్ ఉంది. కట్టర్ సైజు స్లాబులు, 18 మి.మీ. మందం. మెట్లకు, వంటగట్లకు సరిపోయే సైజు. ఇప్పుడు ఒకే లాట్‌లో 3 వేల చదరపు అడుగులు సిద్ధంగా ఉంది. ఫోటో ఆ లాట్‌దే, రాయి తడపకుండా పగటి వెలుతురులో తీశాం. జీఎస్‌టీ బిల్లుతో ఇస్తాం, దారిలో పగిలిన స్లాబుకు డబ్బు అడగం. సార్‌కు రెండు శాంపిల్ ముక్కలు మా ఖర్చుతో పంపాలనుకుంటున్నాం. పంపమంటే ఏ అడ్రసుకు, ఎవరి పేరు మీద పంపాలో చెబితే చాలు."

పది లైన్లు కూడా లేదు. మేనేజర్ సీట్లో ఉన్నవాడికి ఇది చదవగానే తన ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది. ఒకే లాట్ అన్న మాట చూడండి. మెట్ల పనికి సరుకు తెప్పించుకుని, సగంలో చుక్క మారితే ఆ సైట్ ఇంజనీరు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. మందం చెప్పాడు. పగిలితే ఎవరిదో చెప్పాడు. "క్వాలిటీ బెస్ట్, రేట్ రీజనబుల్" అని ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ మాట అందరూ రాస్తారు, దాంతో ఎవరూ ఏమీ తేల్చుకోలేరు. చదవగానే మేనేజర్‌కు ఇంకొకటి కూడా అర్థమవుతుంది: లాబీ ఫ్లోరింగ్‌కు పెద్ద స్లాబులు కావాలంటే ఈ యూనిట్ పనికిరాదు. అది దాచకపోవడం మంచిదే. ఉన్న సైజు చెప్పకుండా ఫోన్ మాట్లాడించుకుని, చివర్లో "ఆ సైజు మా దగ్గర లేదు సార్" అంటే, ఇద్దరి టైమ్ పోతుంది, కాంట్రాక్టరు మాట పోతుంది.

అడిగింది ఆర్డర్ కాదన్నది కూడా గమనించండి. శాంపిల్ ముక్కలకు ఒక అడ్రసు అడిగాడు. ఇంత చిన్నది కావడం వల్ల మేనేజర్‌కు సరే అనడం తేలిక. అంతకంటే ముఖ్యంగా కాంట్రాక్టరుకు తేలిక. "ఈయన సరుకు బాగుంటుంది" అని అతను హామీ ఇవ్వాల్సిన పని లేదు. రాయి చూసి మీరే తేల్చుకోండి అంటున్నాడు. తెలియని విషయానికి పూచీ పడమని మనం అడగడం లేదు.

రెండు చిన్న సంగతులు. ఫోటో, రాత విడివిడిగా పంపకండి. ఫోటో కింద రాత వచ్చేలా ఒకటే మెసేజ్‌గా పెడితే ఒక్కసారి నొక్కితే వెళ్ళిపోతుంది. వాయిస్ మెసేజ్ అసలు వద్దు. మీటింగ్‌లో ఉన్న మనిషి రెండు నిమిషాల గొంతు వినడు, చదవడమైతే పది సెకన్లలో చదువుతాడు. ఇక భాష. మేనేజర్‌కు తెలుగు రాకపోతే రెండో మెసేజ్ ఆయన చదవగలిగే భాషలో ఉండాలి. బెంగళూరులో అయితే సాధారణంగా ఇంగ్లీషులో పెడితే సరిపోతుంది. మీకు ఇబ్బందైతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత రాయించండి. కాంట్రాక్టరును మాత్రం తెలుగులోనే అడగండి.

ఇప్పుడు మన వ్యాపారంలో ఎవరూ పైకి మాట్లాడని విషయం, కమీషన్. రాయి వ్యాపారంలో మధ్యవాళ్ళకు అడుగుకు ఇంత అని ఇవ్వడం ఉన్నదే. నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. పరిచయం అడిగేటప్పుడు "మీకు చూస్తాలే అన్నా" అని గుసగుసగా అనడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆ కాంట్రాక్టరు ఆ కంపెనీ దగ్గర పని చేస్తున్నాడు. సరుకు ఎవరి దగ్గర కొనాలో చెప్పి, కంపెనీకి తెలియకుండా సరుకు అమ్మేవాడి దగ్గర డబ్బు తీసుకుంటే, అది బయటపడిన రోజు అతని పని పోతుంది. ఆ సంగతి తెలిసినవాడు మీ ఆశ చూసి ఇంకా దూరం జరుగుతాడు. అతను కమీషన్ కోసమే చేసే బ్రోకరైతే ఎంతో ముందే తేల్చుకోండి. ఆయన బ్రోకరని కొనేవాడికి కూడా తెలిసే ఉండాలి. పరిచయం వేరు, బేరం వేరు. రెండూ కలిపేస్తే మధ్యవాడు ఎటూ చెప్పలేడు.

అలాగే పెద్ద నాయకుల చేత ఫోన్ చేయించడం గురించి. అలా ఫోన్ వస్తే నేను శాంపిల్ తీసుకునేవాణ్ణి, టీ ఇచ్చేవాణ్ణి, ఆ తర్వాత ఆ సరుకును మిగతావాళ్ళ కంటే రెండింతలు అనుమానంగా చూసేవాణ్ణి. కాదనే వీలు లేకుండా వచ్చిన మనిషికి మనస్ఫూర్తిగా ఔననడం ఎవరికైనా కష్టం.

ఇక జవాబు ఎలా చదవాలి? మన వైపు ముఖం మీద కాదనే అలవాటు తక్కువ. "చూద్దాంలే తమ్ముడూ" అంటారు. "గుర్తు చెయ్యి" అంటారు. ఇది ఔనా కాదా అని తల పట్టుకోవద్దు. ఒక గుర్తు చెప్తాను. అతను సరుకు గురించి తిరిగి ఒక ప్రశ్న అడిగితే, "లాట్ ఎంత ఉందన్నావ్?", "లోడింగ్ మీరే చేస్తారా?" అని, పని కదులుతోందని అర్థం. రేపు మేనేజర్ తనను అడగబోయేది ముందే తెలుసుకుంటున్నాడు. ప్రశ్న ఏమీ లేకుండా "చూద్దాం" మాత్రమే వస్తే, వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. అందులోనూ దారి వదలండి: "ఇప్పుడు కుదరకపోతే ఏమీ అనుకోను అన్నా, నేను వేరేవాళ్ళను అడుగుతాను." దానికీ జవాబు లేకపోతే అది కాదనే. అక్కడితో వదిలేయండి. అతని పేరు చెప్పుకుని నేరుగా మేనేజర్‌కు ఫోన్ చేయడం మాత్రం వద్దు. మేనేజర్ మొదట చేసే పని ఆ కాంట్రాక్టరుకు ఫోన్ చేసి "నువ్వు పంపావా?" అని అడగడం. అతను "లేదు సార్" అంటాడు. రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

సరే, మేనేజర్ ఒప్పుకున్నాడు, అడ్రస్ వచ్చింది. ఆ రోజే జవాబు ఇవ్వండి. శాంపిల్ ముక్కలు మర్నాడు బస్ పార్సిల్‌లో వేయండి. కాంట్రాక్టరు తన మాట వాడి మీకు తలుపు తీయించాడు, మీరు నాలుగు రోజులు కదలకపోతే అక్కడ చిన్నబోయేది అతను. మేనేజర్‌తో మాట్లాడడం మొదలయ్యాక ప్రతి మెసేజ్‌లోకీ కాంట్రాక్టరును లాగకండి. రేటు బేరాలన్నీ అతని ముందు జరిగితే, రేపు అతను ఏదో ఒక పక్షం తీసుకోవాల్సి వస్తుంది.

కానీ ఏం జరిగిందో అతనికి చెప్పండి. దీన్ని చాలామంది మర్చిపోతారు. శాంపిల్ అందింది అని ఒక లైను. చూశారు, ఈసారి సైజు సరిపోలేదన్నారు అని ఒక లైను. ఆర్డర్ రాకపోయినా సరే. నా దగ్గరికి ఎవరినైనా పంపినవాళ్ళు చాలా రోజుల తర్వాత "ఆ అబ్బాయి విషయం ఏమైంది సార్?" అని నన్నే అడిగేవాళ్ళు. ఆ అబ్బాయి వాళ్ళకు ఏమీ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసేది. అలాంటివాణ్ణి వాళ్ళు రెండోసారి ఎవరి దగ్గరికీ పంపరు.

(సభలో ఒకరు: సార్, మా మధ్యవాడు పెద్దాయన, అరవై దాటాయి. ఆయనకు ఇలా వాట్సాప్‌లో పెడితే మర్యాదగా ఉండదేమో?)

మంచి ప్రశ్న. పెద్దవాళ్ళను ఫోన్‌లోనో, ఇంటికి వెళ్ళో అడగండి. కానీ అడిగేది అదే. "పెద్దాయనా, ఫలానా సార్‌తో ఈ మాట అనడం మీకు ఇబ్బందా? ఇబ్బందైతే వదిలేద్దాం." ఆయన సరే అంటే అప్పుడు, "సార్‌కు పంపడానికి రాసి పెట్టాను, మీ ఫోన్‌కు పంపిస్తాను" అనండి. ఆయనకు ఫార్వర్డ్ చేయడం రాకపోతే ఇంట్లో మనవడో మనవరాలో ఉంటారు. రాత మాత్రం తప్పకుండా ఉండాలి. నోటి మాటగా చెబితే ఆయన "మావాడికి రాళ్ళ ఫ్యాక్టరీ ఉంది" అంటాడు. మీ 18 మి.మీ., మీ ఒకే లాట్, మీ రెండు శాంపిల్ ముక్కలు, ఏదీ అవతలికి చేరదు.

(ఇంకొకరు: ఒకే మేనేజర్‌కు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే అందరినీ అడగొచ్చా?)

ఒకేసారి వద్దు. ముగ్గురి నుంచీ ఒకే ఫోటో వస్తే ఆయనకు అది పరిచయంలా ఉండదు, ప్రచారంలా ఉంటుంది. పైగా ఆ ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి, తమను వాడుకున్నారనుకుంటారు. ఆ మేనేజర్‌తో ఈమధ్య పని చేసినవాణ్ణి, మీ సరుకు ఒకసారైనా కళ్ళతో చూసినవాణ్ణి ముందు అడగండి. అలాంటివాడు లేకపోతే, అడగడానికి ముందు ఒకాయన్ను మీ యూనిట్‌కు పిలిచి లాట్ చూపించండి. చీమకుర్తి ఇక్కడికి దగ్గరే, ఒంగోలు వచ్చినప్పుడు ఓ గంట చాలు. కాదంటేనే రెండో మనిషి దగ్గరికి వెళ్ళండి.